ఒక టిక్కా, రెండు టిక్కులా: దేన్ని నమ్మొచ్చు?

మా ఇంట్లో వారానికొకసారైనా ఈ ప్రశ్న వస్తుంది. "రెండు టిక్కులు పడ్డాయి కదా, చూసే ఉంటాడు" అని ఒకరు, "ఒకటే టిక్కు, నన్ను బ్లాక్ చేసినాడేమో" అని ఇంకొకరు. వాట్సాప్‌లో ఈ రెండిట్లో దేన్ని నమ్మి కూర్చోవచ్చంటే, నేను ఒక టిక్కే మేలంటాను.

ఒక టిక్కంటే మన మెసేజ్ మన ఫోన్ దాటి వాట్సాప్ సర్వర్‌కు చేరింది, అవతలి వాళ్లకు ఇంకా అందలేదు. అక్కడ 30 రోజులు ఉంటుంది, అప్పటికీ అందకపోతే తీసేస్తారు. వాళ్ల ఫోన్ ఆఫ్‌లో ఉందా, నెట్ లేదా, బ్లాక్ చేశారా అన్నది టిక్కు చెప్పదు. కానీ "ఇంకా అందలేదు" అన్న మాట మాత్రం ఖాయం, దాన్ని పట్టుకుని మామూలు కాల్ చేయొచ్చు.

రెండు టిక్కుల దగ్గరే మోసపోతాం. పోయిన నెల నాన్న కడప నుంచి ప్రొద్దుటూరు పోవాల్సింది, ఆఖరికి ఆగిపోయాడు. మధ్యాహ్నం 2 గంటలకు "మామా, నాన్న ఈరోజు రావడం లేదు, బస్టాండుకు పోవద్దు" అని పెట్టాను. నిమిషంలోపే రెండు టిక్కులు పడ్డాయి, నిశ్చింతగా ఉన్నాను. మామ నాలుగింటి నుంచి ఆరున్నర దాకా బస్టాండులోనే నిలబడ్డాడు! ఆయన ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆఫ్‌లో ఉంది, కానీ అంగట్లో కంప్యూటర్‌లో ఆయన వాట్సాప్ తెరిచే ఉంది, మెసేజ్ అక్కడ దిగింది. లింక్ చేసిన ఏ పరికరానికి అందినా రెండో టిక్కు పడుతుంది, జేబులో ఫోన్ ఆన్‌లో ఉండాలనేం లేదు. తర్వాత మెసేజ్‌ను నొక్కి పట్టి Info చూస్తే, Delivered దగ్గర మధ్యాహ్నం 2 గంటల టైమ్, Read దగ్గర రాత్రి 8 దాటిన టైమ్ ఉన్నాయి. ఈ రెండు టైమ్‌ల మధ్య ఎంత దూరమైనా ఉండొచ్చు.

నీలం టిక్కులు మేలే గానీ, అవతలి వాళ్లు రీడ్ రిసీట్స్ ఆపేసుకుంటే ఎంత చదివినా పడవు, నోటిఫికేషన్‌లోనే చదివేసి చాట్ తెరవకపోయినా పడవు. గడియారం గుర్తుంటే మెసేజ్ మన ఫోన్ దాటనే లేదు, మన నెట్ చూసుకోవాలి. గ్రూపుల్లో అందరికీ అందితేనే రెండు టిక్కులు, ఒక్కరికి అందకపోయినా ఒకటే కనిపిస్తుంది.

అందుకే ప్రయాణం, ఆసుపత్రి, డబ్బు లాంటి విషయమైతే రెండు టిక్కులు పడినా నేను కాల్ చేసేస్తున్నాను, మామ ఫోన్ ఎత్తకపోతే అంగడి నంబర్‌కు చేస్తున్నాను.