0.5తో గుణించాలా, 0.7తోనా?

బోరు నీటి విద్యుత్ వాహకత 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1000 మైక్రోసీమెన్స్ వచ్చిందనుకోండి. టీడీఎస్ మీటర్ ఈ అంకెను ఒక గుణకంతో గుణించి, నీటిలో కరిగిన లవణాల మొత్తంగా చూపిస్తుంది. గుణకం 0.5 అయితే లీటరుకు 500 మిల్లీగ్రాములు చూపిస్తుంది, అంటే తాగునీటికి బీఐఎస్ చెప్పిన ఆమోదయోగ్య పరిమితి. 0.7 అయితే 700. నీరు అదే!

మీటర్ లవణాలను తూచదు, కరెంటును కొలుస్తుంది. క్లోరైడ్ తేలిక, చురుకు. బైకార్బనేట్ బరువు, నెమ్మది; అంతే కరెంటు మోయడానికి ఎక్కువ మిల్లీగ్రాములు కావాలి. సిలికా బరువు పెంచుతుంది తప్ప కరెంటు దాదాపు మోయదు.

అందుకే సముద్రపు ఉప్పు చేరిన తీరప్రాంతపు నీటికి 0.5 దగ్గర. బైకార్బనేట్, సల్ఫేట్ ఎక్కువున్న నీటికి నేనైతే 0.7 వైపే మొగ్గుతాను.

కచ్చితంగా కావాలంటే ల్యాబ్‌లో వడకట్టిన లీటరు నీటిని ఇగిర్చి, 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూయించండి. 640 మిల్లీగ్రాములు మిగిలితే ఆ బోరు గుణకం 0.64. వానల తర్వాత లవణాల పాళ్లు మారితే అదీ మారుతుంది.