ఘోస్ట్, లైట్, ఒక్క టిక్: టీనేజ్ బ్రేకప్ పాటలో ఏ మాట మేలు?

ఇంటర్ చదివే హైదరాబాద్ కుర్రాడికి ప్రేమ చెడింది. వాడి గొంతుతో పాట రాయాలి. పెద్దవాళ్ళ మాటలు పడితే ఆ వయసువాళ్ళు పల్లవి అయ్యేలోపే పాట మార్చేస్తారు. అలాగని ఈ నెల రీల్స్‌లో తిరిగే మాటలన్నీ తెచ్చి కుమ్మరిస్తే వచ్చే ఏడాదికి అది పాత పాటే.

నా లెక్కలో మన చేతిలో మూడు రకాల మాటలున్నాయి. ఘోస్ట్ చేయడం అంటే జవాబివ్వకుండా మాయమవడం, డెలులు అంటే భ్రమలో బతకడం, సిచ్యుయేషన్‌షిప్ అంటే పేరు పెట్టని ప్రేమ బంధం. ఇలాంటి నెట్ మాటలు ఒక రకం. లైట్, పరేషాన్, ఖతం, లొల్లి లాంటివి ఈ ఊరు ఎప్పటినుంచో వాడి నలగ్గొట్టిన మాటలు. ఇక టిక్, బ్లాక్, డీపీ, లాస్ట్ సీన్ అనేవి ఫోన్‌లో కంటికి కనబడే వాటి పేర్లు.

నెట్ మాటకు ఉన్న బలం ఒక్కటే, అది ఇవాళ నిజంగా వాళ్ళ నోట్లో ఉంది. కానీ ఇలాంటి మాట పుట్టేదే 'మాకు మాత్రమే తెలుసు' అనిపించుకోవడానికి. టీచర్లు, న్యూస్ యాంకర్లు, పంజాగుట్ట హోర్డింగులు వాడటం మొదలుపెట్టగానే పిల్లలు దాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కుంటారు. ఎదుటివాళ్ళను ఆకట్టుకునే నేర్పును చెప్పే 'రిజ్' 2023లో ఆక్స్‌ఫర్డ్ వారి ఆ ఏటి మాట అయింది. 'డెలులు' 2025లో కేంబ్రిడ్జ్ నిఘంటువుకు ఎక్కింది. అంత దూరం వెళ్ళిన మాట పదిహేడేళ్ళవాడికి ఇక సొంతం అనిపించదు. పైగా సినిమా పాటైతే రాసిన రోజుకూ విడుదలకూ మధ్య నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏడాది పైనే. అంటే పాట బయటికి వచ్చేసరికే ఆ మాట సగం పాతది.

ఊరి మాట సంగతి వేరు. అమీర్‌పేట మెట్రోలో రైలు మారేచోట ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. "ఏమైంది మామా?" అన్నాడొకడు. "ఏం కాలే, లైట్" అన్నాడు రెండోవాడు. అంటూనే ఫోన్ తీసి పాత చాట్‌ను పైకి జరుపుతూ ఉన్నాడు, వచ్చిన రైలు ఎక్కలేదు కూడా. స్లాంగ్ పాటలో ఎక్కడ పనిచేస్తుందో నాకు అక్కడ తెలిసింది. ఆ వయసులో స్లాంగ్ బాధను చెప్పడానికి కాదు, ఫ్రెండ్స్ ముందు దాచడానికి. "నన్ను ఘోస్ట్ చేసింది" అని ఒంటరిగా ఏడుస్తూ ఎవరూ అనుకోరు. కాబట్టి స్లాంగ్‌ను ఫ్రెండ్‌తో అనే మాటగానో, ఆ అమ్మాయి అన్న మాటగానో పెట్టాలి. గుండెలో మాటను మామూలు తెలుగులోనే రానివ్వాలి. 'లైట్' ఆ దాపరికానికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే దాని పనే పెద్దదాన్ని చిన్నది చేసి చూపించడం. అన్నలు కాలేజీలో ఉన్నప్పుడూ ఉన్న మాట, తమ్ముళ్ళూ అంటున్న మాట. మనుషులు నోటితో వాడి నిలబెట్టిన మాట కాబట్టి ఏ యాప్ పోయినా దానికి నష్టం లేదు.

అయితే పాత మాటలన్నీ నిలవవు. 'లైన్ వేయడం', 'సైట్ కొట్టడం', 'ఫిగర్' కూడా ఒకప్పుడు ఇదే ఊళ్ళో మార్మోగినవే. ఇవాళ కుర్రాడి నోట పెడితే వాళ్ళ బాబాయి మాట్లాడినట్టుంటుంది. అందుకే పదిహేడేళ్ళవాడికీ ముప్పై ఐదేళ్ళవాడికీ ఆ లైను విడివిడిగా వినిపించాలి. ఇద్దరూ ఆగకుండా దాటితే ఆ మాట ఉంచొచ్చు.

మూడో రకం మాటల్లో చాలామంది జారిపడతారు. యాప్ పేరు పెడితే పాట ఆ యాప్‌తోనే పోతుంది. ఆర్కుట్ అనే సోషల్ సైట్ 2014లో మూతపడింది, అందులో మెసేజ్ పెట్టానని చెప్పే 'స్క్రాప్ రాశా' అన్న లైను ఇవాళ ఒక పిల్లాడికీ తెలియదు. టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో మన దేశంలో నిషేధించారు. పేరు వదిలేసి కంటికి కనిపించేదాన్ని రాయాలి. వాట్సాప్‌లో అవతలివాళ్ళు బ్లాక్ చేస్తే మన మెసేజ్ ఒక్క టిక్ దగ్గరే ఆగిపోతుంది, రెండోది రాదు. డీపీ తాజాది కనబడదు, లాస్ట్ సీన్ ఉండదు. కానీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా టిక్ ఒక్కటే. ఆ అనుమానంలోనే కుర్రాడు రాత్రంతా గడుపుతాడు. పాటకు కావలసిన బాధ అక్కడుంది.

ఇప్పుడు ఒక పల్లవి కట్టి చూద్దాం, నాలుగు మాత్రల నడకలో. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు:

ఏం లేదంటవ్ ఏడ్చిన కళ్ళతొ
లైటని నవ్వుతు ఘోస్ట్ చేసినవే
ఒక్కటె టిక్కుల మిగిలిన మాటే

మొదటి లైను విడదీస్తే ఏం-లే, దం-టవ్, ఏడ్చిన, కళ్ళతొ. ఒక్కోటి నాలుగు మాత్రలు. రెండో లైనులో లైటని, నవ్వుతు, ఘోస్ట్-చే, సినవే. ఇక్కడ పాతబడే మాట 'ఘోస్ట్' ఒక్కటే, అదీ లైను నడుమ ఉంది. దాని చోట 'బ్లాక్' పెట్టినా రెండు మాత్రలే, ట్యూన్ కదలదు. అర్థం మాత్రం మారుతుంది. ఘోస్ట్ అంటే జవాబు లేకుండా మాయమైంది, ఇంకా ఎదురుచూడొచ్చు. బ్లాక్ అంటే తలుపు వేసింది. ఒక్క టిక్ లైను రెండింటితోనూ పొసుగుతుంది కాబట్టి ఇక్కడ మార్పు కథను చెడగొట్టదు.

ఇదే 'డెలులు'ను అంత్యప్రాసలో పెట్టి చూడండి. 'నావన్నీ నీ కలలు, నేనే ఓ డెలులు'. చెవికి బాగానే ఉంటుంది, అందుకే రాయబుద్ధవుతుంది. రేపు ఆ మాట పాచిపోయాక తీయాలంటే ప్రాస పోతుంది, 'కలలు' కూడా మార్చాలి, లైను మొత్తం మళ్ళీ రాయాలి. అందుకే నెట్ మాటను చరణం నడుమ ఒక్కచోట పెడతాను. పల్లవిలో పెట్టాల్సి వస్తే పైన చేసినట్టు, అంతే మాత్రల ఇంకో మాట సిద్ధంగా ఉండాలి. ప్రాస చోట మాత్రం ఎప్పుడూ పెట్టను.

వయసు, ఊరు తెలియాలంటే స్లాంగ్ కంటే క్రియల, విభక్తుల మీదే నాకు నమ్మకం. అంటవ్, చేసినవ్, టిక్కుల అనగానే హైదరాబాద్ కుర్రాడు వినిపిస్తాడు. అవి ఏడాదిలో మారేవి కావు. కథలో పిల్లాడు గుంటూరు నుంచి వచ్చి కేపీహెచ్‌బీలో పెరిగినవాడైతే 'బ్లాక్ చేశావే' అనిపించండి, మాత్రలు అప్పుడూ సరిపోతాయి. కానీ ఒకే గొంతులో 'అంటవ్', 'చేశావే' కలిపితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇక పై పల్లవిలో ఏది ఉంచాలంటే, 'లైట్', 'ఒక్కటె టిక్కు' రెండూ ఉంటాయి. రెండు వారాల్లో యూట్యూబ్‌లో పెట్టే సింగిల్‌కు 'ఘోస్ట్' పర్వాలేదు, రికార్డింగ్‌లోనే 'బ్లాక్'తో ఇంకో టేక్ పాడించి దాచుకుంటే సరి. వచ్చే సంక్రాంతికి వచ్చే సినిమాకైతే మొదటి రోజే 'బ్లాక్' రాస్తాను.