నారాయణపేట, గద్వాల చీరలు ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్లకు జాగ్రత్త: ఈ రకం లెక్కల యాప్ కొనకండి

మన దిక్కు చీరలు ఆన్‌లైన్‌ల అమ్మే అన్నలకు, అక్కలకు ఒక లెక్కల యాప్‌ను ఏడాది చందా మీద అంటగడుతున్నరు. "బ్యాంకు ఖాతా కలిపితే చాలు, లెక్కలు వాటంతటవే పడతయి" అని చెప్తరు. పడతయి, కాని తప్పు పడతయి. బ్యాంకుల ఎంత జమైతే అంతా అమ్మకం అని రాసుకునుడే దాని పని. కార్డు పైసలకు ఆ లెక్క కుదరదు. కార్డు పైసలు వసూలు చేసి పెట్టే పేమెంట్ గేట్‌వే ముందుగాల తన ఫీజు పట్టుకుని, మిగిలిందే మనకు పంపుతది.

ఒక్క చీర తీసుకుని చూద్దాం. ధర 5,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 250. కొన్నామె కార్డు మీద కట్టింది 5,250. గేట్‌వే ఫీజు 2 శాతం అనుకుంటే 105, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 18.90. రెండు పనిదినాలకు బ్యాంకుల పడేది 5,126.10.

యాప్ ఈ 5,126.10నే బిల్లు మొత్తం అనుకుంటది. అందుల నుంచి పన్ను తీసి, అమ్మకం 4,882, జీఎస్టీ 244.10 అని చూపిస్తది. అంటే అమ్మకం 118 తగ్గింది, కట్టాల్సిన పన్ను 5.90 తగ్గింది. 105 ఫీజు ఖర్చుల ఎక్కడా లేదు, మనం కట్టాల్సిన పన్నుల నుంచి తగ్గించుకునే 18.90 ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పోయింది. ఒక్క చీరకైతే చిల్లరే. నెలకు ఇట్లాంటివి వంద పోతే పన్ను 590 తక్కువ కట్టినట్టు, క్రెడిట్ 1,890 వదులుకున్నట్టు.

సరైన లెక్కల నడుమ గేట్‌వే పేరు మీద ఒక ఖాతా ఉండాలె. కొన్నామె పైసలు కట్టినప్పటి నుంచి అవి మన బ్యాంకుకు వచ్చేదాక గేట్‌వే మనకు బాకీ ఉన్నట్టే లెక్క.

```
అమ్మిన రోజు
  గేట్‌వే ఖాతా     డెబిట్   5,250.00
  అమ్మకాలు        క్రెడిట్  5,000.00
  కట్టాల్సిన జీఎస్టీ  క్రెడిట్    250.00
ఫీజు
  గేట్‌వే ఫీజు       డెబిట్     105.00
  ఇన్‌పుట్ జీఎస్టీ    డెబిట్      18.90
  గేట్‌వే ఖాతా     క్రెడిట్    123.90
పైసలు పడ్డ రోజు
  బ్యాంకు          డెబిట్   5,126.10
  గేట్‌వే ఖాతా     క్రెడిట్  5,126.10
```

గేట్‌వే ఖాతాల 5,250 ఎక్కింది, 123.90, 5,126.10 దిగినయి, మిగిలింది సున్న. సున్న రాలేదంటే ఏదో ఒకటి రాయడం మరిచినట్టే. నెలాఖరున అమ్మినవాటి పైసలు వచ్చే నెల పడతయి కాబట్టి, అప్పుడు అంతమేరకు డెబిట్ మిగులుడు తప్పు కాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనోళ్లు 123.90 మొత్తం ఫీజు ఖర్చులనే రాసుకోవాలె.

అసలు దెబ్బ రీఫండ్ కాడ పడతది. ఆమె చీర వాపసు పంపింది, 5,250 తిరిగి ఇచ్చినం అనుకుందాం. అమ్మకం వాపసు 5,000, జీఎస్టీ 250 డెబిట్, గేట్‌వే ఖాతా 5,250 క్రెడిట్. ముందుగాల పట్టుకున్న 123.90 చాలా గేట్‌వేలు తిరిగి ఇయ్యవు, అందుల 105 ఖర్చుగనే, 18.90 ఇన్‌పుట్ జీఎస్టీగనే ఉంటది. అదే రోజు ఇంకో చీర 6,000కు పోయింది, పన్నుతోటి 6,300. ఫీజు 126, దాని మీద పన్ను 22.68 పోతే 6,151.32. గేట్‌వే ఆ రీఫండ్‌ను ఇందుల నుంచే పట్టుకుని బ్యాంకుకు 901.32 పంపుతది.

యాప్ ఏం రాస్తదో తెలుసా? చీర 858.40కు అమ్మినట్టు, పన్ను 42.92 అని! నిజానికి 6,000 అమ్మకం, 5,000 వాపసు, నికరంగా కట్టాల్సిన పన్ను 50. వాపసు వచ్చిందన్న సంగతే పుస్తకంల లేదు. రీఫండ్లు ఇంకా పెద్దవై ఆ రోజు బ్యాంకుల ఏమీ పడకపోతే, అమ్మకం కూడా రాయకుండ పోతది. చీర గోదాంలకెళ్లి పోయింది, లెక్కల మాత్రం పోలేదు.

గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్టును నేరుగా చదువుకునే యాప్‌లు ఇంకో రకంగ తప్పుతయి. కొన్ని రిపోర్టులల్ల `fee` వరుసలనే పన్ను కలిసి ఉంటది, పక్కన `tax` వరుస అందుల భాగాన్నే విడిగ చూపిస్తది. రెండూ కూడితే మన చీరకు 123.90 బదులు 142.80 అయితది, గేట్‌వే ఖాతా 18.90 తేడాతోటి నిలబడతది. తేడా సరిగ్గ పన్నంతనే ఉంటే తప్పు ఇదే.

కొనేముందు ట్రయల్ అడగండి. ఒక అమ్మకం, ఒక రీఫండ్ ఉన్న పాత సెటిల్‌మెంట్ ఒకటి అందుల ఎక్కించమనండి. అమ్మకం పూర్తి బిల్లు ధరకు వచ్చిందా, వాపసు విడిగ పడ్డదా, బ్యాంకుల జమైన పైసలు ఆ జమకు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు తోటి కలిసినయా చూడండి. ట్రయల్ ఇయ్యం, ముందు ఏడాది చందా కట్టండి అంటే అక్కడికే ఆపేయండి. ఇప్పటికే యాప్ కొన్నోళ్లు జీఎస్టీ రిటర్న్ వేసేముందు పాత నెలల అమ్మకాలను గేట్‌వే రిపోర్టు తోటి పోల్చుకోండి. గేట్‌వే ప్రొఫైల్‌ల మీ జీఎస్టీ నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకపోతే ఫీజు బిల్లు మీకు వచ్చే క్రెడిట్లు చూపించే GSTR-2B పట్టీల కనబడదు, ఆ 18.90 అడగనీకి మీ చేతుల కాయిదం ఉండదు.