బ్యాంకు గిఫ్ట్ కార్డా, షాపు గిఫ్ట్ కార్డా, క్రెడిట్ నోటా: ఏది మేలు?

సంక్రాంతి నుంచి ఇప్పటికి నలుగురు అడిగారు. "అన్నా, అయిదు వేల కార్డని ఇచ్చారు, తీరా గీకితే అంత లేదంటున్నారు, మధ్యలో ఎవరు తిన్నారు?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుందనిపించింది. పైగా ఈ మధ్య నేనే ఈ లెక్కలో బోల్తా పడ్డాను.

మా అక్కవాళ్లది ఒంగోలు. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ఏమివ్వాలిరా అంటే, "నువ్వు తెచ్చే బట్టలు దానికి నచ్చవు, డబ్బే ఇచ్చెయ్" అంది అక్క. కవర్లో నోట్లు పెట్టడం ఎందుకులే అని కావలిలో బ్యాంకుకి వెళ్లి అయిదు వేల గిఫ్ట్ కార్డు తీసుకున్నా. మూడో రోజు పిల్ల ఫోన్. "మామయ్యా, ఏమనుకోవద్దు, ఇందులో 4,882 రూపాయలే ఉన్నాయి." నా పరువు పోయింది. తర్వాత ఫారం కాపీ తీసి చూస్తే కార్డు ఛార్జీ వంద, దాని మీద జీఎస్టీ 18 రూపాయలు. విడిగా నా ఖాతాలోంచి తీసుకుంటారనుకున్నా, నేనిచ్చిన అయిదు వేలలోంచే తీశారు. విడిగా తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి, ఇలా లోపలే కోసేవీ ఉన్నాయి. అందుకే కౌంటర్లో "ఛార్జీ ఎంత?" అని అడిగితే సరిపోదు, "కార్డులో పడేది ఎంత?" అని అడగాలి.

అందరూ ఈ 118 దగ్గరే ఆగిపోతారు. అది చిన్న దెబ్బ, ఎంత పోతుందో ముందే తెలిసిపోతుంది. నేను చూసేది చివర్లో మిగిలే డబ్బు సంగతి. కార్డులో అడుగున ఉండిపోయే రెండొందలో మూడొందలో వాడుకోగలమా, గడువు దాటాక అడిగితే ఇస్తారా. నా దృష్టిలో ఏది మేలో తేలేది ఇక్కడే.

మేనకోడలు ఆ కార్డుతో 4,650కి డ్రెస్సు కొనుక్కుంది. 232 మిగిలింది. తర్వాత చెప్పుల షాపులో బిల్లు 600 అయింది, కార్డు ఇస్తే మెషిన్ తీసుకోలేదు. "ఇది పని చెయ్యదమ్మా" అన్నాడట షాపబ్బాయి. పని చెయ్యక కాదు. బిల్లు కంటే కార్డులో తక్కువుంటే మెషిన్ ఉన్నంత తీసుకుని మిగతాది అడగదు, మొత్తాన్నే వెనక్కి కొడుతుంది. "ముందు కార్డు మీద 232 కొట్టమని చెప్పు, మిగతా 368 ఫోన్‌పే చెయ్" అన్నాను. అయిపోయింది. బ్యాలెన్స్ పైసలతో సహా ముందే తెలిసుండాలి, అంతే. కార్డు వెనకున్న సైట్లో నంబరు కొడితే బ్యాలెన్సూ, ఎక్కడెక్కడ ఎంత కట్ అయిందో ఆ లిస్టూ కనిపిస్తాయి. లిస్టులో ఏదైనా పెండింగ్ అని ఉంటే అది ఖర్చయిన డబ్బు కాదు, ఆగి ఉన్న డబ్బు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు మాత్రం ఇలా రెండు ముక్కలు చేసి కట్టడం చాలా సైట్లలో కుదరదు, అందుకని చివరి చిల్లర ఏ మందుల షాపులోనో వాడేసుకోవడం తేలిక.

ఇక గడువు. 2021లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ప్రీపెయిడ్ నిబంధనల ప్రకారం ఇలాంటి గిఫ్ట్ కార్డు పదివేలకు మించకూడదు, మళ్లీ డబ్బు ఎక్కించలేం, ఏటీఎంలో తియ్యలేం, కానీ కనీసం ఏడాది చెల్లాలి. చాలామందికి తెలియనిది ఏంటంటే, గడువు దాటినా మిగిలిన డబ్బుని కనీసం మూడేళ్ల దాకా కార్డు ఇచ్చినవాళ్లు తమ లాభంలో కలుపుకోకూడదు, మనం అడిగితే బ్యాంకు ఖాతాలో వెయ్యాలి. అంటే మా పిల్ల 232 మర్చిపోయినా అది ఎక్కడికీ పోదు. అలాగే సున్నా అయిన కార్డుని వెంటనే పారెయ్యకండి. కొన్న డ్రెస్సు వాపసు చేస్తే డబ్బు సాధారణంగా అదే కార్డులోకి వస్తుంది.

షాపు సొంత కార్డు వేరే లోకం. అక్కడ మాత్రమే చెల్లే కార్డుకి ఈ రిజర్వ్ బ్యాంకు నిబంధనలు వర్తించవు, గడువూ షరతులూ షాపువాళ్లు పెట్టినవే. గుర్తుపట్టాలంటే కార్డు వెనక ఎవరు జారీ చేశారో చదవండి, బ్యాంకు పేరో లైసెన్సున్న ప్రీపెయిడ్ కంపెనీ పేరో ఉందా, లేక ఆ షాపు పేరేనా. వీటికి మామూలుగా ఛార్జీ ఉండదు, అయిదు వేలంటే అయిదు వేలే, అందుకే చూడ్డానికి ఇదే లాభంగా ఉంటుంది. కానీ కొన్నిటి మీద "ఒక్కసారే వాడాలి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి దానితో అదే 4,650 డ్రెస్సు కొంటే మిగిలిన 350 అక్కడికక్కడే పోయినట్టు. 118 కోశారని బ్యాంకుని తిట్టుకున్న మనిషి ఇక్కడ 350 వదిలేసి నవ్వుతూ బయటికొస్తాడు! అలాంటి కార్డే చేతిలో ఉంటే బిల్లు అయిదు వేలు దాటేదాకా ఓ టవలో కర్చీఫులో వేయించి, పైన పడ్డది చేత్తో కట్టెయ్యండి. గడువు కూడా మన చేతికొచ్చిన రోజు నుంచి కాదు, కార్డు కొన్న రోజు నుంచి లెక్క. దీపావళికి ఆఫర్లో కొని సంక్రాంతికి మీ చేతిలో పెడితే ఆర్నెల్ల కార్డులో సగం కాలం కొన్నవాళ్ల బీరువాలోనే అయిపోయింది.

క్రెడిట్ నోటు మనం ఏరుకునేది కాదు, సరుకు వాపసు చేస్తే డబ్బుకి బదులు, అదే షాపులో కొనుక్కోమని అంటగట్టే కాగితం. నెల్లూరులో ఒక బట్టల షాపులో మూడు వేల చీరా, రెండు వేల ప్యాంటూషర్టూ కొన్నాం, అయిదు వేలకి అయిదొందలు తగ్గింపు, కట్టింది 4,500. రెండు వేల జత సైజు కుదరక తిరిగిస్తే చేతికొచ్చిన నోటు 1,500కి. తగ్గింపుని రెంటికీ పంచితే 1,800 రావాలి కదా అంటే, "మీ బిల్లు అయిదు వేల కిందికి వచ్చేసింది సార్, ఆఫర్ మొత్తం పోయింది" అన్నాడు. బిల్లు వెనక నిజంగానే అలా రాసుంది. పైగా అది మెషిన్లో వేడితో అచ్చయ్యే కాగితం, మన ఎండలకి స్కూటర్ డిక్కీలో పెడితే అక్షరాలు మాయం, నోటు నంబరు ఫోటో తీసుకోకపోతే అంతే సంగతులు. ఒకటి గుర్తుంచుకోండి, సైజు కుదరకపోవడం వేరు, సరుకులో లోపం వేరు. లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే 2019 వినియోగదారుల చట్టం దాన్ని అన్యాయపు వ్యాపారం అంటుంది. నోటుతో సరిపెట్టుకోవక్కర్లేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు.



నాదైతే బ్యాంకు కార్డుకే ఓటు, 118 పోయినా సరే. పుచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఒకే షాపులో కొనేవాళ్లయితే, ఆ కార్డుని విడతలవారీగా వాడనిస్తారని రాసి ఉంటే, అప్పుడు షాపు కార్డూ బాగానే ఉంటుంది. క్రెడిట్ నోటు మాత్రం ఇంటికే తెచ్చుకోను. ఆ 1,500కి అదే మెట్ల మీంచి మళ్లీ పైకెక్కి మా నాన్నకి రెండు పంచెలు తీసుకుని, చాలకపోతే పైన నలభై రూపాయలు కట్టి దిగాను.