జెమ్‌ఫైబ్రోజిల్ మానేసి ఫెనోఫైబ్రేట్‌కి మారాక: నా అనుభవం

రెండు మాత్రలూ ఏళ్ల తరబడి వాడినవాణ్ణి. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు తగ్గించడంలో రెండూ బాగానే పనిచేశాయి. తేడా తెలిసింది మాత్రం పక్కన కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ చేరినప్పుడే.

ఒంగోలులో మొదటిసారి పరీక్ష చేయించినప్పుడు ట్రైగ్లిజరైడ్స్ 1,240 వచ్చాయి. 150 లోపు ఉండాలి. ట్యూబ్‌లో రక్తం పైన తేరిన నీరు పాలలా తెల్లగా ఉంది. రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ గడి ఖాళీ. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మామూలు సూత్రంతో దాన్ని లెక్కకట్టడం కుదరదట. ఇంత ఎక్కువుంటే ముందు భయపడాల్సింది క్లోమం వాపు గురించేనని డాక్టరుగారు చెప్పి, జెమ్‌ఫైబ్రోజిల్ 600 రాశారు. పొద్దున, రాత్రి భోజనానికి అరగంట ముందు ఒక్కోటి వేసుకోవాలి. షుగర్ కూడా అదుపులోకి తెచ్చి, రాత్రి అన్నం తగ్గించి, మద్యం పూర్తిగా మానేశాక కొన్ని నెలల్లో 380కి దిగింది. ఆ తగ్గుదల అంతా మాత్రదే అనను.

లివర్ కణాల్లో ఉండే పీపీఏఆర్-ఆల్ఫా అనే స్విచ్‌ని ఈ మందులు ఆన్ చేస్తాయి. దాంతో రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైమ్ పెరుగుతుంది, దానికి అడ్డుపడే ప్రోటీన్ తగ్గుతుంది. లివర్ కూడా కొవ్వును ఎక్కువగా ఖర్చు చేస్తుంది.

తర్వాత నెల్లూరులో గుండె డాక్టరుగారు అటార్వాస్టాటిన్ మొదలుపెట్టాలన్నారు. నా పాత చీటీ చూసి, అదే రోజు జెమ్‌ఫైబ్రోజిల్ ఆపించి ఫెనోఫైబ్రేట్ 145 రాశారు. జెమ్‌ఫైబ్రోజిల్ స్టాటిన్‌ని లివర్‌లోకి పోనివ్వదు, శరీరం దాన్ని వదిలించుకునే దారినీ అడ్డుకుంటుంది. అందువల్ల అదే డోసు స్టాటిన్ రక్తంలో ఎక్కువగా పేరుకుపోతుంది. ఎక్కువైన స్టాటిన్ కండరాలను కరిగిస్తే ఆ వ్యర్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ని 2001లో మార్కెట్ నుంచి తీసేయడానికి ఈ జోడీతో జరిగిన మరణాలూ ఒక కారణం. సింవాస్టాటిన్‌తో జెమ్‌ఫైబ్రోజిల్ అసలు కలపకూడదు.

ఫెనోఫైబ్రేట్ ఆ దారులను అంతగా అడ్డుకోదు. అలాగని రిస్కు సున్నా కాదు. తొడలు, భుజాలు కారణం లేకుండా నొప్పులు పుట్టినా, నీరసంగా ఉన్నా, మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా స్టాటిన్, ఫైబ్రేట్ రెండూ ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కండరాలు దెబ్బతిన్నాయో లేదో చూపే సీపీకే రక్తపరీక్షలో విషయం తేలుతుంది. కిడ్నీ జబ్బు, థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నాకు రోజుకి ఒక్క మాత్రతో సరిపోతోంది, 145 కాబట్టి తిండితో పనిలేదు. 160, 200 రకాలైతే భోజనంతోనే వేసుకోవాలి. మొదట్లో క్రియాటినిన్ 0.9 నుంచి 1.1కి పెరిగి నిలిచిపోయింది. ఈ మందుతో అలా కొంచెం పెరగడం, మానితే మళ్ళీ దిగడం మామూలే. కానీ పెరుగుతూనే పోతే మామూలు కాదు, కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్ళకు ఈ మాత్ర ఇవ్వరు. అందుకే ట్రైగ్లిజరైడ్స్‌తో పాటు క్రియాటినిన్, లివర్ పరీక్షలు కూడా చేయించుకుంటున్నాను. ట్రైగ్లిజరైడ్స్ ఇప్పుడు 190 దగ్గర ఉంటున్నాయి. స్టాటిన్ వాడేవాళ్ళ చీటీలో జెమ్‌ఫైబ్రోజిల్ కనిపిస్తే, మందులషాపులో కొనేముందే డాక్టరుగారిని అడగండి.