ఉల్లి టమాటా మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద ఫ్రీజర్‌లో: కొన్నేళ్ల వాడకం తర్వాత

వండినవి ఫ్రీజర్‌లో దాచుకోవడం మా ఇంట్లో కొన్నేళ్లుగా నడుస్తోంది. కూరలు, అల్లం వెల్లుల్లి ముద్ద, కూరల్లోకి ఉల్లి టమాటా మసాలా, మూడూ పెడుతుంటాం. మూడింట్లో నాకు బాగా అక్కరకొచ్చింది మసాలా. ముద్ద కూడా మంచిదే, కాకపోతే ఒకటి రెండు షరతులున్నాయి. వండిన కూరల సంగతి మాత్రం ఏ కూరకా కూర వేరు.

మసాలా ఇలా చేస్తాను. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, 150 మిల్లీలీటర్ల నూనెలో బంగారు రంగు దాటేదాకా వేయిస్తాను. నాలుగు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, పచ్చివాసన పోయాక కిలో టమాటాల గుజ్జు పోసి, నూనె పైకి తేలేదాకా మగ్గనిస్తాను. ఇక్కడ తొందర పనికిరాదు. టమాటాలో మిగిలిపోయిన నీరే ఫ్రీజర్‌లో మంచుగడ్డై, కరిగించినప్పుడు విడిగా కారుతుంది. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే అది వెంటనే పూడిపోకూడదు, అప్పుడే దించాలి. పసుపు, కారం ఇందులోనే వేస్తాను, ఉప్పు సగమే. గరం మసాలా, కొత్తిమీర అసలు వేయను. లవంగం, మిరియం ఘాటు ఫ్రీజర్‌లో ఉండేకొద్దీ చేదువైపు తిరుగుతుంది. కొత్తిమీరకు రంగూ వాసనా రెండూ పోతాయి. ఆ రెండూ కూర దించే ముందు వేసుకోవాల్సినవే.

దించిన మసాలాను వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద పెడతాను. లోతైన గిన్నెలో వదిలేస్తే పైన చల్లారినట్టే ఉంటుంది, మధ్యలో మాత్రం చాలాసేపు గోరువెచ్చగా ఉండిపోతుంది. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడే అనుకూలం. వండిన ఏ పదార్థమైనా రెండు గంటల్లోపు చల్లారి లోపలికి వెళ్లిపోవాలి. వేడివేడిగా పెట్టడమూ మంచిది కాదు, పక్కనున్న గడ్డలు మెత్తబడతాయి.

పైన చెప్పిన కొలతకు దాదాపు 900 గ్రాముల మసాలా వస్తుంది. మూడు జిప్ కవర్లలో 300 గ్రాముల చొప్పున వేసి, గాలి తీసేసి, అరచేత్తో పలచగా నొక్కుతాను. మందం సెంటీమీటరు దాటనివ్వను. కవరు పైనుంచే స్కేలు అంచుతో మధ్యలో గట్టిగా ఒక గాడి నొక్కి, పళ్లెం మీద చదునుగా పడుకోబెట్టి ఫ్రీజర్‌లో పెడతాను. గట్టిపడ్డాక ఆ గాడి దగ్గర విరిస్తే 150 గ్రాముల ముక్క చేతికొస్తుంది. అరకిలో కూరగాయలకు అది సరిపోతుంది. గట్టిపడిన కవర్లను పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, చోటు బాగా కలిసొస్తుంది.

ఇంత పలచగా ఎందుకంటే, చలి అంచుల నుంచి లోపలికి పాకుతుంది. లావుపాటి డబ్బా మధ్యభాగం గడ్డకట్టడానికి చాలా గంటలు పడుతుంది. నిదానంగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవిగా పెరిగి కూరగాయల కణాలను చీల్చేస్తాయి. కరిగాక కూర నీళ్లోడేది అందుకే. కరిగేటప్పుడూ ఇదే లెక్క: డబ్బాలో పెట్టింది బయట వెచ్చబడిపోయినా లోపల ఇంకా రాయిలా ఉంటుంది. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది.

అల్లం, వెల్లుల్లి సమానంగా తీసుకుని, నీళ్లు పోయకుండా రెండు చెంచాల నూనె, కాస్త ఉప్పుతో రుబ్బుతాను. ఐస్ ట్రేలో గడికి ఒక పెద్ద చెంచాడు. గట్టిపడగానే ముక్కల్ని జిప్ కవర్లోకి మార్చేయాలి. ట్రేలోనే వదిలేస్తే పైభాగం ఎండి తెల్లబడుతుంది, ఫ్రీజర్‌లోని మంచుగడ్డలన్నీ వెల్లుల్లి వాసన కొడతాయి. ఆ ట్రే మరింక దేనికీ పనికిరాదు, ఎన్నిసార్లు తోమినా వాసన వదలదు. దానికోసమే ఒకటి విడిగా ఉంచుకోండి. ఒక్కోసారి ముద్ద ఆకుపచ్చగానో నీలంగానో మారుతుంది. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాల వల్ల వచ్చే రంగు అది, చెడిపోయినట్టు కాదు.

రంగు కంటే పట్టించుకోవాల్సింది వేరే ఉంది. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయట వెచ్చగా ఉంటే, గాలి తగలని చోట పెరిగే బొటులినమ్ బాక్టీరియా విషాన్ని తయారుచేయగలదు. అది వాసనతో పట్టుబడదు. ఫ్రీజర్ దాని పెరుగుదలను ఆపుతుంది కానీ చంపదు. అందుకని కవర్లోంచి కావలసిన ముక్క తీసి, మిగతాది ఆ క్షణమే లోపల పెట్టేస్తాను.

ముక్కను కాగిన నూనెలో వేస్తే మంచు ఒక్కసారిగా ఆవిరై చిటపటమని మీదికి చిందుతుంది. ముందు ఉల్లిపాయలు వేయించి, మంట తగ్గించి, వాటి మీద ముక్క పెట్టి మూత వేస్తే చాలు. రుచి మాటకొస్తే, మసాలా కూరల్లో తాజా ముద్దకూ దీనికీ తేడా నాకు తెలియదు. అల్లం ఘాటే ప్రధానమైన చారులాంటి వాటికి మాత్రం అప్పటికప్పుడు దంచుకుంటాను. మూడు నెలలు దాటితే ఆ పరిమళం తగ్గుతుంది.

మసాలా ముక్కను కరిగించే పనే లేదు. మూకుడులో కాసిన్ని నీళ్లతో పాటు వేసి సన్న మంట మీద మూత పెడితే కాసేపట్లో జారుతుంది, తర్వాత కుతకుతా ఉడికించాలి. వండిన కూరనైతే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో, కారినా ఇబ్బంది లేకుండా పళ్లెంలో పెడతాను. మర్చిపోయిన రోజు మూసి ఉన్న కవరునే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తాను. గట్టు మీద వదిలేసి ఆఫీసుకు వెళ్లిపోవడం వద్దు. కరిగినదాన్ని పొగలు కక్కేదాకా వేడిచేయాలి, మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌కు పంపకూడదు.

కూరల్లో పప్పు, శనగలు, రాజ్మా, కోడికూర చెక్కుచెదరవు. ఆలుగడ్డ ఇసుకలా పొడిపొడిగా అయిపోతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరైపోతుంది. పెరుగు, కొబ్బరిపాలు పోసిన గ్రేవీ విరుగుతుంది, కాబట్టి అవి పోయకముందే తీసి దాచడం నయం. పలచటివి డబ్బాలో పెడితే పైన వేలెడంత ఖాళీ వదలండి, నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది.

కరెంటు పోయే ఊళ్లలో వాళ్లకు ఒక మాట. తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు చలిని నిలుపుతుంది, సగమే ఉంటే 24. ఊరెళ్లేటప్పుడు నేను ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద నాణెం పెట్టి వెళతాను. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే అన్నీ వాడతాను. అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు కూరలూ ముద్దా రెండూ పారేస్తాను, మసాలా కూడా.