జాగ్రత్త: బోర్డ్ గేమ్ కేఫ్ నెలవారీ టోర్నీకి ఫీజు కట్టే ముందు ఇవి అడగండి

ఒక కేఫ్ ఓనర్ తన రెగ్యులర్లకి పంపిన మెసేజ్ ఇది: "ఇకపై ప్రతి నెలా చివరి ఆదివారం కటాన్ టోర్నీ. మూడు రౌండ్లు, టాప్ నలుగురికి ఫైనల్. ఫస్ట్ ప్రైజ్ సీల్ తియ్యని కొత్త గేమ్. ఎంట్రీ ఫీజు వాపసు లేదు. షరతులు వర్తిస్తాయి." ఫీజు కట్టినవాళ్లకి దెబ్బ తగిలింది ఆ చివరి ముక్క దగ్గరే.

20 మంది వస్తేనే గేమ్ ఇస్తామని, లేకపోతే ఓచరేనని అందరూ వచ్చి కూర్చున్నాక చెప్పారు. వచ్చింది 18 మంది. ఆ ఓచరైనా టేబుల్ చార్జీకే చెల్లుతుంది, అదీ నెలలోపు వాడెయ్యాలి. అందుకే ఎంతమంది వస్తే ఏం ఇస్తారో, తక్కువమంది వస్తే ఫీజు తిరిగిస్తారో లేదో ముందే రాతలో తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట ఆ రోజు పనికిరాదు.

అంతకన్నా పెద్ద అన్యాయం టేబుళ్ల దగ్గర జరిగింది. కటాన్ ముగ్గురు గానీ నలుగురు గానీ ఆడే ఆట. 18 మంది అంటే నలుగురి టేబుళ్లు మూడు, ముగ్గురి టేబుళ్లు రెండు. నాలుగో ఫైనల్ సీటు కోసం ఇద్దరు సమానంగా నిలిచారు: ఇద్దరికీ రెండేసి గెలుపులు, 26 పాయింట్లు. అప్పుడు టేబుల్ మొత్తం పాయింట్లలో ఎవరి వాటా ఎంత శాతమో చూశారు. ఈ పద్ధతి చాలాచోట్ల ఉన్నదే, తప్పేం కాదు. కానీ ముగ్గురి టేబుల్లో 10, 7, 7 వస్తే గెలిచినవాళ్ల వాటా దాదాపు 42 శాతం. నలుగురి టేబుల్లో 10, 7, 7, 6 వస్తే 33 శాతమే. కొట్టింది అదే 10 పాయింట్లు! ఆ ఇద్దరిలో ఒకరు ముగ్గురి టేబుల్లో రెండుసార్లు కూర్చున్నారు, రెండోవాళ్లు ఒక్కసారీ కూర్చోలేదు. సీటు ఎవరికి దక్కిందో వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి దీన్ని సరిచెయ్యడం చాలా తేలిక. రౌండుకి ముగ్గురి టేబుళ్లలో ఆరు సీట్లు, మూడు రౌండ్లకి 18. అంటే అందరికీ సరిగ్గా ఒక్కోసారి వస్తుంది. ఓనర్ ప్రతి రౌండుకీ చీటీలు తీసి కూర్చోబెట్టడం వల్లే లెక్క తప్పింది. సమానంగా వస్తే ఏం చూస్తారు, ముగ్గురి టేబుల్ అందరికీ వంతులవారీగా ఇస్తారా అని తప్పకుండా అడగండి.

టైమ్ సంగతి కూడా తేల్చుకోండి. బెల్ మోగగానే ఆట ఆపేస్తే, ఆ టేబుల్ వరసలో ముందు ఆడినవాళ్లకి ఒక టర్న్ ఎక్కువ దొరికినట్టే. మొదలైన వరస చివరి ఆటగాడిదాకా పూర్తి చేసి, అప్పుడు పాయింట్లు లెక్కపెట్టాలి. ఇది మెసేజ్‌లో రాసి లేకపోతే రాయమనండి. రాయనంటే ఆ నెలకి ఫీజు కట్టకండి.